పిడికెడు కొత్తిమీర

బస్సు డిపో క్యాంటీన్‌లో వంట చేసే ఆమెను అందరూ వంటక్క అంటారు. వానలు మొదలయ్యాయంటే మాత్రం చప్పిడి డాక్టరమ్మ అంటారు. మొదటి వాన పడ్డ మర్నాడే ఆమె గోడ మీది నల్లబల్ల తుడిచి సుద్దముక్కతో రాసేస్తుంది. పచ్చి ఉల్లిపాయ లేదు. కోసిన దోసకాయ ముక్కలు లేవు. ఆకుకూరలు వానలు తగ్గేదాకా లేవు. సొరకాయ, బీరకాయ, గుమ్మడికాయ, పెసరపప్పు. నీళ్లు కాచినవే. ఏ పూట వండింది ఆ పూటే, మిగిలితే పారబోయడమే.

"అక్కా, మేమేమన్నా బాలింతలమా?" అని వెల్డర్ ఏడిపిస్తాడు.

"బాలింతలకైతే చెప్పిన మాట వినే బుద్ధి ఉంటుంది. కూర్చుని తిను" అంటుంది.

పదకొండేళ్లలో ఆ క్యాంటీన్ తిండి తిని వానల్లో కడుపు పట్టుకుని కూర్చున్నవాడు ఒక్కడూ లేడు. ఆమెకున్న గొప్పంతా అదే, అడగకపోయినా చెబుతుంది. ఆ చప్పిడి పప్పును జనం ఎగబడి తినడానికి కారణం వేరే ఉంది. పొయ్యి మీంచి దించాక గుప్పెడు కొత్తిమీర సన్నగా తరిగి పైన చల్లి మూత పెట్టేస్తుంది. మూత తీసేసరికి హాలంతా ఘుమఘుమ. అక్క చేతివాసన అంటే అదే.

ఈ ఏడు వానలు మొదలవుతూనే ఆమె మొగుడికి టైఫాయిడ్ వచ్చింది. లారీల మెకానిక్, ఇంజను కిందికి దూరితే గంటలకొద్దీ బయటికి రాని మనిషి, పదిహేను రోజుల్లో పుల్లలా అయిపోయాడు. జ్వరం తగ్గించి ఇంటికి పంపుతూ ఆస్పత్రి డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. "జ్వరం పోయింది కానీ పేగులు ఇంకా పుండులాగే ఉన్నాయి. మెత్తగా ఉడికిందే పెట్టండి, వేడిగా ఉన్నప్పుడే పెట్టండి. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు. పచ్చివి ఏవీ వద్దు, ఆకులు అసలే వద్దు. తోటల్లోకి మురుగునీళ్లు వచ్చేశాయి, ఆ మురికి కడిగినా పోదు."

"అది నాకు చెప్పాలా అమ్మా" అంది వంటక్క. ఆ మాట ఇప్పుడు తల్చుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తుంది ఆమెకు.

క్యాంటీన్‌కు సెలవు పెట్టింది. మొగుణ్ణి కంటికి రెప్పలా చూసుకుంది. పొద్దున బియ్యప్పిండి జావ. రెండు గంటలాగి పెసరకట్టు. మధ్యాహ్నం మెత్తగా ఉడికించి మెదిపిన అన్నంలో సొరకాయ. సాయంత్రం మళ్లీ పొయ్యి వెలిగించి మళ్లీ జావ. గిన్నెలు, గరిటెలు మరిగే నీళ్లు పోసి కడిగేది. తాగే నీళ్లు కళపెళా కాగాక ఇంకాసేపు ఉంచి, మూతతోనే చల్లార్చేది. ఆడపడుచు చూడ్డానికొచ్చి పచ్చడి సీసా తెస్తే గుమ్మంలోనే ఆపి వెనక్కి ఇచ్చేసింది. ఆవిడ మూతి ముడుచుకుంది. ముడుచుకోనీ.

అంతా బాగానే ఉంది, అతను తినడంలేదు. అదీ వచ్చిన చిక్కు. రెండు చెంచాలు తిని గోడవైపు తిరిగి పడుకునేవాడు. బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. తిండి లేకపోతే బలమెక్కడిది? ఆమె కళ్ల ముందే మనిషి కరిగిపోతున్నాడు.

"ఏమయ్యా, ఏం తింటావో చెప్పు. ఉడికేదైతే చాలు, నీ ముందు పెడతాను."

"ఏది పెట్టినా ఒకటేలా ఉందే. నోరు చచ్చిపోయింది. క్యాంటీన్‌లో వాళ్లకు పెట్టే పప్పు నాకు పెట్టవా? వాళ్లేమన్నా నీకు నాకంటే ఎక్కువా?"

ఆమె లేచి పొయ్యి వెలిగించింది. పెసరపప్పేగా, మెత్తగా ఉడికిందే. కారం లేదు, నూనె ఒక్క చుక్కే. పప్పు దించింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, బండ మీదున్న కొత్తిమీర కట్టలోంచి గుప్పెడు తుంపి, కుళాయి కింద జాడించి, తరిగి, చల్లి, మూత పెట్టింది. చెయ్యి దానంతటదే చేసుకుపోయింది. పదకొండేళ్ల అలవాటు.

మూత తీయగానే అతను మంచం మీద లేచి కూర్చున్నాడు. కంచం ఖాళీ చేశాడు. వేళ్లు కూడా నాకాడు. "ఇదీ అన్నమంటే! ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే ఈ చేతిని?" అన్నాడు. వంటింట్లోకి వెళ్లి ఆమె గోడకానుకుని తనివితీరా ఏడ్చింది. గండం గడిచిందనుకుంది, పిచ్చిది.

మూడోరోజు తెల్లారేసరికి నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. చలి, వణుకు. ఉప్పూ పంచదార కలిపిన నీళ్లు పట్టించినవి పట్టించినట్టే వాంతి. ఆస్పత్రికి చేర్చేసరికి కళ్లు లోపలికి పోయాయి. చర్మం పట్టి వదిలితే మడత మడతలాగే నిలబడింది.

"పచ్చివి ఏమైనా పెట్టారా? ఆకులు?" డాక్టరమ్మ అడిగింది.

"ఒట్టు అమ్మా. ఒక్క ఆకు పెట్టలేదు. పదకొండేళ్లుగా వండేదాన్ని, నాకు తెలీదా?"

అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో ఆకంటే పాలకూర, తోటకూర, గోంగూర. కొత్తిమీర ఆకేమిటి? అది వాసన. ఉప్పులాగా, ఇంగువలాగా.

మర్నాడు మధ్యాహ్నం ఆస్పత్రి క్యాంటీన్‌లో జావ కోసం గిన్నె పట్టుకుని నిలబడింది. అక్కడి వంటమనిషి చారు దించి, గుప్పెడు కొత్తిమీర తీసి, పైన చల్లి మూత పెట్టాడు. వంటక్క ఆ చేతినే చూసింది. అది తన చెయ్యే. గిన్నె జారి కింద పడింది. వెనకున్నవాళ్లు "కళ్లు తిరిగాయా అమ్మా?" అని పట్టుకున్నారు.

పరుగున వెళ్లి డాక్టరమ్మ కాళ్ల మీద పడబోయింది. అంతా చెప్పింది. డాక్టరమ్మ ఆమెను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

"కావచ్చు, కాకపోవచ్చు. ఈ వానల్లో ఏ దారిన వచ్చిందో ఎవరు చెప్పగలరు? పొయ్యి మీదుండగానే వేసి ఉడకనిచ్చి ఉంటే భయం లేకపోయేది. అయినా మందు మారదమ్మా, ఇస్తున్నది దానికే."

కావచ్చు, కాకపోవచ్చు. నిలువునా తిట్టినా బాగుండేది.

కిడ్నీలు పనిచేయడం మానేశాయి. ఆ సాయంత్రం అతనికి కాస్త తెలివి వచ్చింది. మంచం పట్టె పట్టుకుని ఆమె చెప్పేసింది. "నేనే చేశానయ్యా. ఆ పప్పులో కొత్తిమీర పచ్చిది చల్లాను. నా చేతులారా చేశాను."

అతను చాలాసేపు ఆమెకేసి చూశాడు. అర్థమైందో లేదో.

"ఆ ఒక్కరోజేగా తిన్నాను" అన్నాడు. "మళ్లీ పెట్టు."

రెండు రోజులకు పోయాడు.

ఇంటినిండా జనం. ఆడపడుచు ఆమెను గుండెకు హత్తుకుని బావురుమంది. "నా తమ్ముణ్ణి ఎంత చూసుకున్నావే తల్లీ! నేను తెచ్చిన పచ్చడి కూడా గడప దాటనివ్వలేదు. నీలా ఎవరు చేస్తారు?" వచ్చినవాళ్లంతా అవునవునన్నారు. చెప్పబోయింది. చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

నెల తర్వాత డిపోకు వెళ్లింది. పొట్ట ఊరుకోదుగా. వాన కురుస్తూనే ఉంది. నల్లబల్ల మీద తను రాసిన అక్షరాలు అలాగే ఉన్నాయి. సుద్దముక్క తీసుకుని చివర ఇంకో మాట చేర్చింది: పచ్చి కొత్తిమీర లేదు. పప్పు మరుగుతుండగానే కొత్తిమీర వేసింది. అది నల్లబడి అడుగుకు చేరేదాకా గరిటెతో తిప్పుతూ నిలబడింది.

వెల్డర్ మూత తీశాడు. ఆమె ముఖం చూసి ఏడిపించడానికి మనసొప్పక మెల్లగా అడిగాడు.

"అక్కా, వాసన రావట్లేదేంటి?"

"ఉడికిపోయింది బాబూ" అంది. "తిను."