ముక్కుపుడక ఏ పక్కన ఉంది?

ములకలపల్లిలో నేను బ్యూటీపార్లర్ పెట్టి అప్పటికి ఎనిమిదేళ్లు. అన్నేళ్లలోనూ నా దగ్గరికి వచ్చినవాళ్లు కనుబొమలు తీయించుకున్నారు, ఫేషియల్ చేయించుకున్నారు, పెళ్లికి పూలజడ వేయించుకున్నారు. జుట్టు కత్తిరించమని వచ్చేవాళ్లకు తెలిసినవి యూ కట్, వీ కట్, అంతే. ‘నాకు ఏది నప్పుతుంది’ అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. మా నాన్న క్షవరం చేసి మమ్మల్ని పెంచాడు. కత్తెర పట్టేముందు మనిషికి ఎదురుగా నిలబడి కాసేపు మొహం చూసేవాడు. నేను ఖమ్మంలో ఆరునెలల కోర్సు చేసినప్పుడు మొహం ఆకారాల గురించి నేర్పారు గానీ, ఆ నోటుపుస్తకం పార్లర్ అలమారలో పడి ఉండిపోయింది.

అలాంటిది ఒక సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. అడవి లోపలి పల్లె నుంచి ఒక కోయ అమ్మాయి. డిగ్రీ అయిపోయింది. ఖమ్మంలో ఒక లోకల్ కేబుల్ ఛానెల్‌వాళ్లు కోయలోనూ తెలుగులోనూ వార్తలు చదివే మనిషి కావాలన్నారట. శనివారం కెమెరా ముందు పరీక్ష.

“అక్కా, ఫోటో పంపిస్తే నాకు ఏ కటింగ్ మంచిగుంటదో చెప్తవా? బస్ కిరాయి పెట్టుకొని ఊకే రెండుసార్లు రాలేను” అంది.

చెప్తానన్నాను. ఫోన్ పెట్టేశాక తుడిచిన అద్దాలే మళ్లీ తుడిచాను. అంత సంబరం.

మొదటి ఫోటో పది నిమిషాల్లో వచ్చింది. చెయ్యి పైకెత్తి తీసుకున్న సెల్ఫీ. నుదురు మీద జుట్టు పడి ఉంది, నూనె పెట్టి బిగించి దువ్విన జడ, ముక్కు పెద్దది, చెవులు లేనే లేవు. ఏదో ఫిల్టర్ కూడా వాడింది, చర్మం పింగాణీలా ఉంది. దాంతోపాటు ఒక హీరోయిన్ ఫోటో. నిటారుగా సాగదీసిన జుట్టు, కనుబొమల దాకా గీత గీసినట్టు కత్తిరించిన ముంగురులు. తనకూ అలాగే చేయమంది.

ఫోన్ చేసి, ఆ ఫోటోతో నాకేమీ తెలియదని చెప్పాను. పైనుంచి తీస్తే నుదురు పెద్దదవుతుంది, గడ్డం చిన్నదవుతుంది. మరీ దగ్గర నుంచి తీస్తే ముక్కు ముందుకొచ్చి చెంపలు వెనక్కి పోతాయి. కాబట్టి వేరేవాళ్లు తీయాలి, నాలుగైదు అడుగుల దూరం నుంచి, ఫోన్‌ను కళ్ల ఎత్తులో పట్టుకొని. మొహం వాకిలి వెలుతురు వైపు ఉండాలి. జుట్టంతా వెనక్కి తీసి నుదురు, చెవులు, గడ్డం కనపడాలి. నవ్వొద్దు, ఫిల్టర్ వద్దు. ఇంకొక ఫోటో వేరేగా కావాలన్నాను. తలస్నానం చేసి, నూనె పెట్టకుండా, దువ్వకుండా, దానంతటదే ఆరిన జుట్టు వదిలేసి.

“దువ్వకుంటే పిచ్చిదానిలెక్క కనపడ్త అక్కా” అంది.

“నాకొక్కదానికే కదా కనపడేది” అన్నాను.

జుట్టు వెనక్కి కట్టిన ఫోటో వాళ్లమ్మ తీసింది. ఆమె ఎప్పుడూ ఫోటో తీసి ఎరుగదట. మొదటి దాంట్లో గడ్డం లేదు. రెండో దాంట్లో కూతురు సగం, మేక సగం ఉన్నాయి. మూడోది మాత్రం అచ్చు నాకు కావలసినట్టు వచ్చింది. సిగ్నల్ కోసం అమ్మాయి ఊరి బయట గట్టెక్కి ఆ ఫోటో పంపింది. నేను పార్లర్ షట్టర్ సగం దించి దాన్నే చూస్తూ కూర్చున్నాను.

సెల్ఫీలో గుండ్రంగా అనిపించిన మొహం అసలు గుండ్రం కాదు. ఫోటో స్టూడియోకు పోయి పెద్దదిగా ప్రింట్ తీయించుకొచ్చి పెన్సిల్‌తో గీతలు గీశాను. నుదురు వెడల్పు, చెంప ఎముకల దగ్గర వెడల్పు, దవడ వెడల్పు, జుట్టు మొదలైన చోటు నుంచి గడ్డం చివరిదాకా పొడవు. చెంప ఎముకల దగ్గర అన్నిటికంటే వెడల్పు, నుదురూ దవడా రెండూ సన్నం, గడ్డం కొసదేరి ఉంది. మా నోటుపుస్తకంలో దాన్ని వజ్రం ఆకారం అని రాసుకున్నాను. ఇన్నాళ్లూ ఆ పిల్ల నుదురు మీద జుట్టు వేసుకుని సన్నని నుదుటిని ఇంకా సన్నం చేసుకుంది. ఆ హీరోయిన్ ముంగురులు పెడితే మొహంలో కనపడేది చెంపలే. ఈ మొహానికి నుదుటికి రెండు పక్కలా, గడ్డం దగ్గరా జుట్టు నిండుగా ఉండాలి, చెంపల పక్కన అణిగి ఉండాలి. పెన్సిల్ పక్కన పెట్టి నోటుపుస్తకం తీసి చూస్తే అక్కడా అదే ఉంది. లేచి కొట్టులో అటూ ఇటూ తిరిగాను. ఎనిమిదేళ్లకు మొదటిసారి నా చదువు నాకు పనికొచ్చింది.

మర్నాడు రెండో ఫోటో వచ్చింది. వాళ్లమ్మ పనికి పోయిందట, తనే సెల్ఫీ తీసుకుంది. ఈసారి చెయ్యి బాగా చాపి, కళ్లకు సమంగా పట్టుకుంది. ఆరిన జుట్టును వేళ్లతో పెద్దది చేసి చూశాను. నూనె కింద ఇన్నాళ్లూ దాక్కున్నవి ఉంగరాలు. చెవుల కిందినుంచి ఒక్కో పాయ స్ప్రింగులా చుట్టుకుని ఉంది. నుదుటి అంచు దగ్గర ఒకవైపు కణత మీద జుట్టు పలచగా ఉంది. చిన్నప్పటి నుంచి జడ బిగించి లాగి వేసుకుంటే అక్కడ అలా అవుతుంది. పాపిట రెండో వైపు తీసి పొడుగాటి ముంగురుల్ని ఆ పలచన మీదికి వాల్చాలని ఆ ఫోటో ప్రింట్ మీద గీసి పెట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున తల్లీకూతుళ్లు కటింగ్‌కు వచ్చే ముందు రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి చూశాను. ఏదో తేడాగా అనిపించింది. తల్లి తీసిన దాంట్లో ముక్కుపుడక నాకు ఎడమవైపు ఉంది. కూతురు తీసుకున్న దాంట్లో కుడివైపు ఉంది. ముక్కుపుడక రాత్రికి రాత్రి పక్క మారదు కదా. అప్పుడు వెలిగింది. కొన్ని ఫోన్లలో ముందు కెమెరా ఫోటోను అద్దంలోలాగా కుడి ఎడమలు తిప్పి దాచుకుంటుంది. నేను పాపిట గీసింది తిరగబడిన ఫోటో మీద. ఆ గీత ప్రకారం కత్తిరించి ఉంటే దాచాల్సిన కణతే అందరికీ కనపడేది.

పరీక్షించడానికి తల్లి తీసిన ఫోటోలో పలచటి కణత ఎటుందో చూశాను. ముక్కుపుడక ఉన్న వైపే. రెండు ఫోటోల్లోనూ అంతే. అంటే అమ్మాయి కుడి కణత. పాపిట ఎడమ వైపు తీయాలి. కొత్త గీత గీసి, పాత ప్రింట్ చింపేశాను.

పది గంటలకు తల్లీకూతుళ్లు ఆటో దిగారు. తల్లి పొట్టి మనిషి, పెద్దగా మాట్లాడదు. కూతురి జుట్టు నడుము దాటి ఉంది. ముందు చేత్తో పట్టుకుని చూశాను, ఎందుకంటే ఫోటో చెప్పనివి కొన్ని ఉంటాయి. ఫోటోలో మోటుగా కనిపించిన వెంట్రుక నిజానికి సన్నం. ఉన్నవి ఎక్కువ కాబట్టి ఒత్తుగా కనిపించింది. సన్న వెంట్రుకను లోపల్లోపల ఎక్కువ పలచన చేస్తే చివర్లు చిట్లిపోయినట్టు లేస్తాయి. అది మానుకోవాలనుకున్నాను.

అప్పుడు అమ్మాయికి చెప్పాను, సాగదీయడం వద్దు, గీత గీసిన ముంగురులు వద్దు, ఉంగరాలు ఉంగరాలుగానే ఉండనీ, మెడ ఎముక దాకా పొడవు చాలని. ఆమె మొహం వాడిపోయింది. టీవీలో అందరికీ సాపుగా ఉంటుంది, నన్నొక్కదాన్ని ఇట్లా చూస్తే ఏమనుకుంటారంది. ప్రింట్ చూపించి, గీతలు చూపించి, ఒక్కొక్కటీ వివరించాను. వింటూనే ఉంది గానీ చూపు తల్లి వైపే ఉంది.

తల్లి ఆ ప్రింట్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. కూతురితో కోయలో ఏదో అంది. తర్వాత నాతో తెలుగులో అంది.

“చిన్నప్పుడు దీని జుట్టు గిట్లనే ఉండె బిడ్డా. నేనే నూనె పెట్టి గుంజి గుంజి కట్టిన. నువ్వు చెప్పినట్టే కొయ్యి.”

పొడి జుట్టు మీదే కత్తిరించాను. ఉంగరాల జుట్టు తడిగా ఉన్నప్పుడు సాగి పొడుగ్గా కనపడుతుంది, ఆరాక పైకి ముడుచుకుంటుంది. తడిలో కోస్తే ఎంత పోయిందో తర్వాత గానీ తెలియదు. ఒక్కో ఉంగరం పట్టుకుని, అది ఎటు తిరుగుతుందో చూసి కొసలు కోశాను. ముంగురులు చెంప ఎముక కిందికి వచ్చేలా ఉంచాను. రెండున్నర గంటలు పట్టింది. మెడ నొప్పి తెలియలేదు, ఆకలి తెలియలేదు. అమ్మాయి అద్దంలో చూసుకుంది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. తర్వాత చేత్తో ఒక ఉంగరాన్ని లాగి వదిలి, అది మళ్లీ చుట్టుకుంటే నవ్వింది.

నా ఫోన్ వెనక కెమెరాతో ఫోటో తీసి చూపించాను. మొహం వంకరగా ఉందేందక్కా అంది. అద్దంలో రోజూ చూసుకునేది తిరగబడిన మొహమని, రేపు స్టూడియోలో ఎదురుగా ఉండే టీవీలో కనపడేది ఇదేనని, చూసి బెదరొద్దని చెప్పాను. దారి పొడుగునా ఆ ఫోటోనే చూసుకోమన్నాను.

శనివారం నేనూ వెంట పోయాను. బస్సు గాలికి జుట్టు చెదురుతుంది కదా, తోడు రమ్మని అమ్మాయి అడిగింది. అడక్కపోయినా పోయేదాన్నే. ఖమ్మం చేరేదాకా కిటికీ వేసి పెట్టాను. ఛానెల్ ఆఫీసు మెట్ల కింద నిలబెట్టి, చేతులు కాస్త తడి చేసుకుని ఉంగరాలు సర్దాను.

స్టూడియో అద్దం తలుపు బయటి నుంచి చూశాను. ఆమెకు ముందు వెళ్లిన అమ్మాయి ఎదురుగా ఉన్న టీవీలో, అద్దానికి తిరగబడి ఉన్న తన మొహం చూసుకుని పాపిట సర్దుకుంటూ రెండు వాక్యాలు తప్పింది. మా పిల్ల ఒక్కసారే ఆ టీవీ వైపు చూసింది. తర్వాత కాగితం చూసి, కెమెరా చూసి, కోయలో మొదలుపెట్టింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కన నిలబడ్డ తల్లికి అర్థమైంది. ఆమె పెదాలు కూతురితోపాటే కదులుతున్నాయి. దీపాల వెలుతురులో ఆ నుదురు విశాలంగా కనపడింది, చెంపలు కాదు, కళ్లు ముందు కనపడ్డాయి. 

కెమెరా మనిషి బయటికొచ్చి, జుట్టు ఎక్కడ చేయించారని అడిగాడు. తల్లి నా వైపు వేలు చూపించింది.

మంగళవారం ఫోన్ వచ్చింది. తీసుకున్నారు. ముందు ఆదివారాలు కోయ వార్తలు, కుదిరితే తర్వాత రోజూ. ఆమె చెప్తూ చెప్తూ ఏడ్చింది, నేను పార్లర్ మధ్యలో నిలబడి నవ్వుతూనే ఉన్నాను.

ఇప్పుడు ఆమె వార్తలు చదువుతుంటే మా వీధిలో ఎవరింట్లోనైనా వినిపిస్తుంది. మొన్న చూశాను. నన్ను అడక్కుండానే ముంగురులు పెంచేసి, ఉంగరాలన్నీ నడినెత్తిన వదులుగా ముడి వేసింది. కుడి కణత కొంచెం కనపడుతోంది. ఆమె దాన్ని దాచుకోలేదు. బాగుంది.