పదమూడో నెల

లలిత పందొమ్మిదేళ్లు ఒక స్పిన్నింగ్ మిల్లు టైమాఫీసులో పనిచేసింది. ఎవరు ఏ రోజు చేరారో, ఏ రోజు మానేశారో ఆమె చేత్తోనే రిజిస్టరులోకి ఎక్కేది. మిల్లు మూతపడ్డాక తెనాలి స్టేషను రోడ్డులో ఫ్రాన్సిస్ జెరాక్స్ షాపు మీదున్న గదిని అద్దెకు తీసుకుంది. ఉద్యోగానికి వచ్చినవాళ్ల రెజ్యూమేలు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టి, హోదాల్లోనూ తేదీల్లోనూ తేడాలుంటే జాబితా రాసి పంపడం ఆమె పని. ఎక్కువగా బాపట్లలో రిక్రూట్‌మెంట్ ఆఫీసు నడిపే బిందుమాధవికి చేసేది. జాబితాలో ‘తేడా’ అని మాత్రమే రాసేది. అబద్ధమని గానీ, మోసమని గానీ ఎన్నడూ రాయలేదు. ఆ మాట తేల్చాల్సింది తను కాదని ఆమె పట్టుదల.

ఆ సోమవారం మధ్యాహ్నం దుర్గాప్రసాద్ కాగితాలు వచ్చాయి. అతనిది అడవులదీవి ఊరు. అడిగింది నిజాంపట్నం దగ్గర రొయ్యల కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా ప్లాంటు ఆపరేటర్ ఉద్యోగం. జాబితా సాయంత్రానికల్లా కావాలంది బిందుమాధవి.

రెజ్యూమేలో పాత కంపెనీ గురించి ‘ఆపరేటర్, ఏప్రిల్ 2019 నుంచి సెప్టెంబరు 2021’ అని ఉంది. ఆ కంపెనీ సర్టిఫికెట్‌లో ‘అసిస్టెంట్ ఆపరేటర్, 04/08/2019 నుంచి 09/11/2021’ అని ఉంది. లలిత అలవాటుగా ముందు రోజు, తర్వాత నెల చదివింది. ఆగస్టు నాలుగున చేరి, నవంబరు తొమ్మిదిన మానేసినట్టు లెక్క. సర్టిఫికెట్ ఇచ్చిన తేదీ స్కాన్‌లో రబ్బరు స్టాంపు కింద నల్లటి మరకైపోయింది. ఆ తర్వాతి ఉద్యోగంలో చేరింది 2021 సెప్టెంబరు 20 అని వేరే సర్టిఫికెట్‌లో అక్షరాల్లో ఉంది.

నాలుగు తేడాలు రాసింది. చేరిన తేదీ రెజ్యూమేలో కన్నా సర్టిఫికెట్‌లో దాదాపు నాలుగు నెలలు ఆలస్యం. మానేసిన తేదీ కూడా రెండు నెలలు ఆలస్యం. రెండు ఉద్యోగాలు యాభై ఒక్క రోజులు ఒకదాని మీద ఒకటి. హోదా వేరు. పాత కంపెనీకి రెండుసార్లు ఫోను చేసింది, ఎత్తలేదు. ‘కంపెనీని అడిగి నిర్ధారించుకోవాలి’ అని చివర రాసి, తన పేరు, చిరునామా పెట్టి పంపేసింది.

బిందుమాధవి ఎవరినీ అడగలేదు. ఆ జాబితాను ఉన్నదున్నట్టు దుర్గాప్రసాద్‌కు పంపి, దొంగ సర్టిఫికెట్లతో తన దగ్గరికి రావద్దని ఫోనులో అనేసింది. అతను అప్పటికే చేస్తున్న పనికి రాజీనామా ఇచ్చేసి ఉన్నాడు.

మర్నాడు పదకొండింటికి అతను రేపల్లె నుంచి రైల్లో తెనాలి దిగాడు. మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముప్పై దాటని మనిషి, చేతిలో ప్లాస్టిక్ కవరు.

“లలితంటే మీరేనా అండి?” అని అడిగాడు.

ఆమె అవునని కూర్చోమంది. అతను కూర్చోలేదు. ఒక్క తన్నుకి కుర్చీ గోడకు కొట్టుకుని దాని కాలు విరిగింది. మానిటర్ని రెండు చేతులతో లేపి నేలకేసి కొట్టాడు. గాజుపెంకులు ఆమె పాదాల మీదికి చిమ్మాయి.

“నన్ను దొంగంటావా? ఆ ప్లాంటులో గ్యాసు పీల్చి రక్తం కక్కుకున్నాను. నువ్వెవరు నన్ను దొంగనడానికి?”

తను ఆ మాట రాయలేదని చెప్పబోయింది. అతను వినే స్థితిలో లేడు. ఫోనందుకోబోతే కుడిచెయ్యి పట్టుకుని బల్ల అంచుమీద వేసి విరిచాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు ముందు వినిపించింది. నొప్పి తర్వాత తెలిసింది. రెండో చేత్తో ఆమె గొంతు బిగించాడు. కళ్ల ముందు చీకట్లు కమ్ముతుంటే ఎడమచేతికి కాగితాలకు చిల్లులు పొడిచే ఇనుప పంచింగ్ మెషిన్ తగిలింది. ఉన్న బలమంతా పెట్టి అతని కణత మీద కొట్టింది. చెయ్యి వదిలేవరకూ మళ్లీ కొట్టింది.

మెట్ల మీద కింది షాపు ఫ్రాన్సిస్ పరుగున వచ్చాడు. వెనక మరో ఇద్దరు. నెత్తురోడుతున్న దుర్గాప్రసాద్‌ని జుట్టు పట్టి మెట్ల మీదుగా ఈడ్చారు. రోడ్డు మీద హెల్మెట్‌తో, బూటు కాళ్లతో కుమ్మారు. కిటికీలోంచి చూస్తున్న లలితకు మొదట్లో అది తృప్తిగానే ఉంది. అతను చేతులు అడ్డుపెట్టుకోవడం మానేసినప్పుడు మాత్రం భయమేసింది. విరిగిన చెయ్యి గుండెకు అదుముకుని కిందికి దిగింది.

“ఇక చాలు ఫ్రాన్సిస్. చచ్చిపోతాడు” అంది.

“నిన్ను చంపబోయినోడక్కా వీడు” అన్నాడు ఫ్రాన్సిస్, రొప్పుతూ. అయినా హెల్మెట్ దించాడు.

పోలీసులు వచ్చి దుర్గాప్రసాద్‌ని ఆస్పత్రికి, అక్కణ్ణుంచి స్టేషనుకు తీసుకెళ్లారు. లలిత ముంజేతికి కట్టు కట్టించుకుని, ఫిర్యాదు ఇచ్చి, సాయంత్రం గదికి వచ్చింది. పెంకులు ఊడుస్తుంటే బల్ల కింద ప్లాస్టిక్ కవరు కనబడింది. అందులో అతని అసలు సర్టిఫికెట్. ఒక మూల నెత్తురు మరక. అది అతనిదో తనదో తెలియలేదు.

అసలు కాగితంలో స్టాంపు ఊదారంగు కింద సర్టిఫికెట్ ఇచ్చిన తేదీ స్పష్టంగా ఉంది. 09/13/2021.

పదమూడో నెల లేదు. అంటే ఆ కంపెనీ నెల ముందు, రోజు తర్వాత రాస్తుంది. అతను చేరింది ఏప్రిల్ ఎనిమిది, మానేసింది సెప్టెంబరు పదకొండు. ఆమె క్యాలెండరు చూసింది. ఏప్రిల్ ఎనిమిది సోమవారం. తను రాసిన ఆగస్టు నాలుగు ఆదివారం, ఎవరూ కొత్తగా చేరని రోజు. పందొమ్మిదేళ్లు టైమాఫీసులో కూర్చున్న తనకు ఆ సంగతి తట్టలేదు. నాలుగు తేడాల్లో మూడు ఆవిరైపోయాయి. హోదా ఒక్కటే మిగిలింది.

ఆమెకు సిగ్గుకన్నా ముందు కోపం వచ్చింది. ఆ కాగితాన్ని పంటితో పట్టి చించెయ్యాలనిపించింది. గొంతు మీద అతని వేళ్లు ఇంకా మండుతున్నాయి. వాడు అన్నం లేక మాడితే మాడనీ అనుకుంది. స్టవ్ వెలిగించి టీ పెట్టుకుంది, కాగితాన్ని మంట పక్కనే పెట్టుకుని పొంగేదాకా దాన్నే చూస్తూ నిలబడింది. దింపాక కాగితాన్ని దూరంగా జరిపింది.

పొద్దున పాత కంపెనీవాళ్లు ఫోనెత్తారు. వాళ్ల సాఫ్ట్‌వేర్ నెలను ముందు వేస్తుందని, అతను ఏప్రిల్ ఎనిమిదినే చేరాడని, ఆఖరిదాకా అసిస్టెంటేనని చెప్పారు. లలిత ఎడమచేత్తో ఫోనులో ఒక్కొక్క అక్షరం నొక్కుతూ బిందుమాధవికి రాసింది. మొదటి మూడు తేడాలు నా పొరపాటు, వెనక్కి తీసుకుంటున్నాను. హోదా తేడా నిజం, అది ఉంటుంది.

బిందుమాధవి వెంటనే ఫోను చేసింది.

“లలితగారూ, మీ చెయ్యి విరగ్గొట్టినవాడికి మీరే సాక్ష్యం రాస్తారా?”

“తేదీకి రాశానండి, అతనికి కాదు. ఇంకోటండి, దొంగ అనే మాట నా జాబితాలో ఎక్కడుందో చూపించండి.”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. తర్వాత బిందుమాధవి మెల్లగా, తప్పు తనదేనంది. జాబితాను ఇకమీదట లలిత పేరు, చిరునామా తీసేసి పంపుతానంది. కోల్డ్ స్టోరేజీ వాళ్లు మాత్రం, పోలీసు కేసున్నవాణ్ణి ఏ హోదాలోనూ తీసుకోమన్నారని చెప్పింది.

పదిహేను రోజులకు బెయిలు మీద వచ్చిన దుర్గాప్రసాద్ కింద షాపు దగ్గర నిలబడ్డాడని ఫ్రాన్సిస్ కబురు చేశాడు. లలిత మెట్లు సగం దిగి ఆగింది. అతని కణత మీద కుట్లున్నాయి, ఒక కన్ను ఇంకా వాచి ఉంది. తల ఎత్తకుండానే, కేసు వెనక్కి తీసుకోమని అడిగాడు.

“తేదీ తప్పు నాది. దిద్దాను, బిందుమాధవిగారికీ చెప్పాను” అంది లలిత. “ఈ చెయ్యి నీ తప్పు. దాన్ని నువ్వే దిద్దుకోవాలి బాబూ.”

సర్టిఫికెట్ అతనికిచ్చింది. అతను మూలనున్న మరకను బొటనవేలితో రెండుమూడుసార్లు రుద్దాడు. పోలేదు. మడిచి జేబులో పెట్టుకుని స్టేషను వైపు నడిచాడు. లలిత పైకి వెళ్లి తలుపుకు లోపలివైపు కొత్తగా వేయించిన గడియ పెట్టుకుంది. ఎదురుగా చీరాల నుంచి వచ్చిన ఒక అకౌంటెంట్ కాగితాలున్నాయి. ముందుగా తేదీలన్నిట్లో పన్నెండు దాటిన అంకె ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టింది.