సున్నా అన్న ప్రిన్సిపాలు

ఆవేళ బల్ల మీద నేను చరిచిన చరుపుకి శ్రీకాకుళంలో సగం ఊరు ఉలిక్కిపడింది. ప్రిన్సిపాలు చేతిలో టీ ఒలికిపోయింది. నిజం చెప్పాలంటే నేను చరిచింది బల్లను కాదు, నా మోకాలిని. టీ అతనే ఒలకబోసుకున్నాడు. కోపం మాత్రం అబద్ధం కాదు. ఇవాళ్టికీ చల్లారలేదు.

మా ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో లెక్చరరు ఉద్యోగానికి డెమో క్లాసు పెడతారు. వచ్చినవాళ్లు బోర్డు దగ్గర పాఠం చెప్పాలి. ఎంపిక చేసేవాళ్లు బెంచీల మీద విద్యార్థుల్లా కూర్చుని మొద్దు ప్రశ్నలు వేసి విసిగించాలి. ఆ రోజు బెంచీల మీద ముగ్గురం: కాలేజీ పెట్టిన షావుకారు, ఒకప్పుడు లెక్కలే చెప్పిన ప్రిన్సిపాలు, రిటైరైన లెక్కల మాస్టారుగా నేను.

వచ్చిన అమ్మాయి నా పాత విద్యార్థిని. ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసింది. ఆమె పనిచేస్తున్న కాలేజీలో పిల్లలు చేరడం లేదని లెక్కల కోర్సే ఎత్తేశారు. ఇంట్లో సంపాదన ఆమె ఒక్కదానిదే. ఇది రాకపోతే ఆ ఇంటికి మరో దారి లేదు.

x అంతులేకుండా పెరుగుతూ పోతే, x పవర్ ఒకటి బై x ఎక్కడికి చేరుతుంది? ఇదీ ఆమె ఎంచుకున్న లెక్క. కింద x ఉబ్బిపోతుంటుంది, పైన ఘాతం సున్నా వైపు కుంచించుకుపోతుంటుంది. ఎవరిది పైచేయో చూసి చెప్పలేం. అందుకని ఆ మొత్తానికి y అని పేరు పెట్టి లాగరిథం తీసుకుంది. ఘాతం కిందికి దిగింది. Log y అంటే log x బై x అయింది. లవం, హారం రెండూ అనంతానికే పోతున్నాయి గనక రెండింటినీ విడివిడిగా అవకలనం చేసింది. పైన ఒకటి బై x, కింద ఒకటి. అది సున్నాకి చేరుతుంది.

"log y సున్నాకి చేరింది. మరి y?" అని బెంచీల వైపు తిరిగింది.

"సున్నా మేడమ్!" ప్రిన్సిపాలు బడిపిల్లాడిలా లేచి నిలబడ్డాడు.

మొద్దు పిల్లాడి వేషం బాగా కట్టాడనుకుంది పాపం. "తొందరపడకు బాబూ. సున్నాకి చేరింది y కాదు, దాని లాగరిథం. కాబట్టి y చేరేది e పవర్ సున్నాకి, అంటే ఒకటికి. అయినా x ఒకటి దాటాక ఏ మూలం తీసినా ఒకటి కంటే పెద్దదే వస్తుంది కదా, సున్నాకి ఎలా చేరుతుంది? కూర్చో."

అతని చెవులు ఎర్రబడ్డాయి. అది వేషం కాదు. లెక్కలు చెప్పి జీతం తిన్న మనిషికి ఆ ఆఖరి మెట్టు తెలియదు!

షావుకారు నా వైపు వంగాడు. "ఏటి మాస్టారూ, ఎవులిది రైటు?"

"అమ్మాయిదే. x వెయ్యి అనుకుని ఫోనులో కొట్టి సూడండి."

ఆయన కొట్టి చూశాడు. ఒకటి పాయింటు సున్నా సున్నా ఆరు తొమ్మిది. "ఒకటి కాడికే వస్తన్నాది!"

"నాకు తెలీకా సార్? పిల్లాడిలా చెప్పాను," అన్నాడు ప్రిన్సిపాలు. "ఈవిడకి పెద్దా సిన్నా లేదు. అదీ సమస్య."

ఆమెను బయట కూర్చోమన్నాక షావుకారు తేల్చేశాడు. "లెక్కలు ఎవులైనా సెప్తారు మాస్టారూ. మొదటిరోజే ప్రిన్సిపాలుని కూకోమన్నాది. రేపు నన్ను గుమ్మంలో నిలబెడతాది."

నేను ఎంపిక కాగితం నాలుగు ముక్కలు చేసి వాళ్ల మొహాన కొట్టి బయటికి నడిచాను. లేదు, కొట్టలేదు. ఆమెకు పూర్తి మార్కులు వేసి, సంతకం పెట్టి, బిస్కెట్టు కూడా తిని బయటికొచ్చాను.

ఉద్యోగం రాలేదని ఆమెకు చెప్పి, బస్టాపు దాకా ప్రిన్సిపాలుని తిడుతూనే నడిచాను. సిగ్గులేని మనిషన్నాను, లెక్కలకి పట్టిన చీడన్నాను. ఆమె నా పక్కనే నడిచింది. చివరికి ఆగింది.

"మీరెందుకు నవ్వినారు మాస్టారూ?"

అవును, నవ్వాను. ఆమె "కూర్చో" అనగానే మోకాలు చరుచుకుని, బెంచీ ఊగేలా నవ్వాను. ఇందాకటి నుంచి ఆ ముక్క ఒక్కటీ దాటేస్తున్నాను.

"నువ్వు గట్టిగా ఇచ్చినావు కదమ్మా, ఆపుకోలేకపోయినాను."

"మీరు నవ్వకపోతే అది వేషమేనని ఆయన ఊరుకునీవోడు. నా ఉద్యోగం నాకొచ్చీది. నాకు ఆయన మీద గెలవడం ఎందుకండి?"

నా కోపం ఇంతసేపూ ప్రిన్సిపాలు మీదే అనుకున్నాను.

విజయనగరం బస్సు వచ్చింది. మెట్టెక్కి వెనక్కి తిరిగింది.

"సోమారం విజయనగరంలో ఇంకో డెమో ఉన్నాది. ఆళ్లు మిమ్మల్ని పిలిస్తే ఒంట్లో బాగోలేదని సెప్పండి."