బరువైన రోజుకు మూడు లైన్లు

నా చిన్నప్పుడు మా మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. అందుకే అమ్మ కడుపులో గడ్డ ఉందని తేలినప్పుడు నాయన ఆమెను దోర్నాల మీదుగా కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. పిన్నిని అక్కడ తోడుంచి, తాను పలకల గనిలో పనికి తిరిగొచ్చాడు. సోమవారం ఆపరేషన్ అన్నారు. శనివారం పొద్దున్నే ఆయన మళ్ళీ బయలుదేరాలి.

నాకు అప్పుడు పదకొండేళ్ళు. అన్నం సహించేది కాదు. ఇంట్లో వాళ్ళు అమ్మ మీద బెంగ అనుకున్నారు. బెంగ ఉంది, కానీ దానికంటే పెద్దది ఇంకొకటి ఉంది. అమ్మ వెళ్ళిన రోజు నేనొక పని చేశాను. ఆ సంగతి సోమవారంలోగా ఆమెకు చెప్పుకోవాలి. చెప్పకముందే ఆమెకు ఏమన్నా అయితే?

ఉత్తరం రాయాలని రోజూ కూర్చునేదాన్ని. 'నేను అట్లా ఎందుకు చేశానంటే' అని మొదలుపెడితే ఆ 'ఎందుకంటే' నన్ను ఎక్కడికో లాక్కుపోయేది. నా తప్పు, దాని వెనక నా కోపం, ఆ తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత అమ్మ లేని ఇల్లు. రెండు పేజీలు నిండినా ఉత్తరం ముగిసేది కాదు. చించి పొయ్యిలో వేసేదాన్ని.

పక్కింటి అక్క టీచరు ట్రైనింగ్ చదివేది. ప్రతిరోజూ నోటుబుక్కులో ఆనాటి సంగతులు రాసుకునే అలవాటు ఆమెది. శుక్రవారం సాయంత్రం మా పొయ్యిలో కాలుతున్న కాగితాలు చూసి, ఏమీ అడగకుండా ఇంటికి పోయి ఆ పుస్తకం తెచ్చింది. అన్నీ నిండు పేజీలే. మధ్యలో ఒక పేజీలో మాత్రం తేదీ, దాని కింద మూడు లైన్లు ఉన్నాయి.

పేపర్లో నా నంబరు లేదు.
అమ్మ అన్నం పెట్టింది.
తిన్నాను.

"పరీక్ష తప్పిన దినం రాసుకున్నా. వివరంగా రాద్దామంటే చేత కాలేదు. వాక్యాలు కలిపి రాస్తే, తర్వాత ఏమైంది, ఎందుకైందని అడుగుతాయి పాపా. ఇట్ల విడి లైన్లు రాస్తే అడగవు," అంది.

నేను అదేదో పాట అనుకుని ఉత్సాహంగా 'అమ్మా, పూల కొమ్మా, నా బంగారు బొమ్మా' అని రాసి చూపించాను. అక్క నవ్వు ఆపుకుంది.

"మీ ఇంట్లో బొమ్మ యాడుండాది? ప్రాస కోసం తెచ్చినావు. లేనిది తేవద్దు. ఏ పొద్దు మాట రాస్తావో ఆ పొద్దు కంటికి కనపడింది, చెవికి వినపడింది, అంతే రాయి. ఊపిరి ఆగినచోట లైను ఆపు. కారణాలొద్దు, రేపటి మాటొద్దు. మూడో నాలుగో అయినాక పెన్సిలు కింద పెట్టు."

మొదట ఏడు లైన్లు వచ్చాయి. అక్క ఒక్కసారి మెల్లగా చదవమంది. చదువుతుంటే 'చాలా బాధ' అన్న మాట నాకే అడ్డంగా తగిలింది, కొట్టేశాను. 'నేను చెడ్డదాన్ని' అన్నదీ కొట్టేశాను. చివరికి తేదీ కింద మిగిలింది ఇది.

అమ్మ నన్ను రెండుసార్లు పిలిచింది.
నాకు మెలకువ ఉంది.
కళ్ళు తెరవలేదు.

వెంట తీసుకుపోనన్నదని అలిగి, నిద్ర నటించాను. అదీ నా నేరం. కాగితం మీద చూస్తే ఇంత చిన్నగా ఉందేమిటని ఆశ్చర్యపోయాను. భయం పోలేదు, కానీ ఆ పూట అన్నం తిన్నాను. కాగితం మడిచి నాయన చొక్కా జేబులో పెట్టాను. అమ్మకు చదువు రాదు, ఆయనే చదివి వినిపించాలి.

ఆ శని, ఆది, సోమవారాలు ఎలా గడిచాయో చెప్పలేను. బస్సు దిగిన ప్రతి మనిషినీ నాయనేమోనని చూసేదాన్ని. బుధవారం నాయన వచ్చాడు. ఆపరేషన్ అయిందని, అమ్మ గంజి తాగిందని చెప్పాడు. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నీ కాగితం ఆదివారమే చదివినా. మీ అమ్మ విని నవ్వింది, నీకు ఇట్ల చెప్పమనింది. నిద్రపొయ్యేదాని రెప్పలు అట్ల కొట్టుకోవు, దానికి మెలకువ ఉండాదని నాకు ఆ పొద్దే తెలుసు, లేపితే ఏడుస్తాదని పొయినా, అనింది."

నేను అప్పుడు ఏడ్చాను, గట్టిగా. నెల తర్వాత అమ్మ ఇంటికి వచ్చింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అప్పటినుంచి మామూలు రోజుల్లో పేజీలు నింపుతాను, నాకు మాటలెక్కువ. కలం కదలని రోజున మాత్రం తేదీ వేసి అక్క చెప్పినట్టే చేస్తాను. పోయిన నెల మా ఆయన్ని ఒంగోలులో డాక్టరుకు చూపించి వచ్చిన రోజున నా పుస్తకంలో ఇంతే ఉంది.

డాక్టరు పరీక్షల కాగితం మళ్ళీ మొదటినుంచి చదివాడు.
ఫ్యాను తిరుగుతోంది.
మా ఆయన నా చెప్పులు వెతికి పెట్టాడు.

కింద పేజీ అంతా ఖాళీ. అందులో ఏం రాయాలో నాకు ఇంకా తెలియదు. ఆ రాత్రి మాత్రం నిద్రపోయాను.