మెల్లకన్ను పోయిన ఫోటో

ఆ వీధి ఫోటో స్టూడియో ఆయన్ని అందరూ ‘కొంచెం నవ్వండి’ అనే పిలిచేవాళ్లు. పాస్‌పోర్ట్ ఫోటోకి నవ్వకూడదని తెలిసినా, అలవాటు కొద్దీ ఆ మాట నోట్లోంచి జారిపోయేది. ఎవర్నైనా ఉన్నదానికంటే కాస్త బాగా చూపించి పంపడం ఆయనకి సరదా.

ఒకరోజు ఓ టీచరమ్మ పాత గ్రూప్ ఫోటో తెచ్చింది. చనిపోయిన వాళ్లమ్మది అదొక్కటే మిగిలిందట. వెనక వరసలో ఆవిడ ముఖం కందిగింజంత ఉంది. ‘కొంచెం నవ్వండి’ దాన్ని స్కాన్ చేసి, ముఖాలు బాగుచేసే కొత్త ఏఐ సాఫ్ట్‌వేర్‌కి అప్పగించాడు. క్షణాల్లో కనురెప్పలతో, పలువరసతో నిండైన ముఖం వచ్చేసింది. టీచరమ్మ కళ్లు తుడుచుకుని, పెద్ద ఫ్రేమ్ కట్టించుకుని వెళ్లింది.

మర్నాడు ఆ ఫ్రేమ్ చంకలో పెట్టుకుని వాళ్ల నాన్న వచ్చాడు. రిటైరైన బస్సు డ్రైవరు.

“ఏమయ్యా, ఈవిడెవరు?”

“మీ ఆవిడే కదా బాబాయ్‌గారూ.”

“మా ఆవిడకి మెల్లకన్ను. నన్ను తిడుతుంటే పక్కింటాయన తలొంచుకునేవాడు. ఈవిడ తిన్నగా నన్నే చూస్తోంది. రాత్రి ఈవిడ ముందు చొక్కా విప్పడానికి కూడా మొహమాటమేసింది.”

‘కొంచెం నవ్వండి’ నవ్వాపుకుని, సెట్టింగులు మార్చి మళ్లీ చేశాడు. ఈసారి గడ్డం గుండ్రంగా వచ్చింది. ఇంకోసారి చేస్తే ముక్కు మారింది.

“ఈ వయసులో నాకెన్ని పెళ్లిళ్లు చేస్తావయ్యా?” అన్నాడు పెద్దాయన.

అప్పుడు ‘కొంచెం నవ్వండి’ అసలు స్కాన్‌ని తెర నిండా పెంచాడు. ముఖమంతా గళ్లగళ్లుగా విడిపోయింది.

“ఇందులో కన్నేది?”

“ఇదిగో, ఈ రెండు నల్లగళ్లు.”

“మరి ఆ రెప్పలెక్కడివి?”

ఆయన బుర్ర గోక్కున్నాడు. “ఫోటోలోవి కావు బాబాయ్‌గారూ. అది వేలవేల ముఖాలు చూసి నేర్చుకుంది. లేనిచోట, ఇలా ఉండొచ్చులే అని తనే గీసేస్తుంది. మెల్లకన్ను తక్కువమందికి ఉంటుంది కదా, సరిచేసి పారేసింది.”

చెప్పాక ఆయనకే సిగ్గేసింది. టీచరమ్మకి ఈ ముక్క ముందే చెప్పాల్సింది.

ఏఐని పక్కనపెట్టి, గీతలూ మరకలూ మాత్రం చేత్తో తుడిచి, అరచేతిలో పట్టేంత ప్రింటు తీశాడు. ముఖం మసకగానే ఉంది. పెద్దాయన దాన్ని దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఇదీ మా ఆవిడ. కోపంగా ఉంది.”

సాయంత్రం టీచరమ్మ ఫోన్ చేసింది. “ఒక్కరోజు చూశానో లేదో, అమ్మనుకుంటే ఆ కొత్తముఖమే గుర్తొస్తోందండీ. భయంగా ఉంది.” ఆ ఫ్రేమ్ తన దగ్గరే ఉంచేస్తానని ఆయన చెప్పాడు.

ఆ తర్వాత, అంతకుముందు ఇలా ఫోటోలు చేయించుకున్నవాళ్లందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి విషయం చెప్పాడు. కొందరు మార్పించుకున్నారు. వాళ్లలో ఓ టైలరు మాత్రం ఒప్పుకోలేదు.

“మా నాన్న బతికుండగా ఎప్పుడూ అంత ప్రశాంతంగా లేడు. ఆ ఫోటో జోలికి రాకండి.”