నాది రెండు వందల యాభై వాట్లు, ఆమెది ఏడు వందల యాభై

ఆమె బ్యాటరీ సైకిలు కొన్న రోజు నాకు అన్నం సయించలేదు.

మేమిద్దరం గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి ల్యాంప్ రూంలో బదిలీ వర్కర్లం, అంటే ఇంకా పర్మినెంటు కానివాళ్ళం. బాయిలోకి దిగేవాళ్ళకు తలదీపాలు ఇవ్వడం, పైకొచ్చాక తీసుకుని చార్జింగు పెట్టడం మా పని. ఏడాదిలో కావలసినన్ని మస్టర్లు, అంటే హాజర్లు, నిండితేనే పర్మినెంటు. పొద్దున ఏడు దాటితే ఆ రోజు మస్టరు పోయినట్టే. క్వార్టర్ల నుంచి బాయికి అయిదు కిలోమీటర్లు. షేర్ ఆటో నిండితే గానీ కదలదు. ఇద్దరిదీ ఒకటే బాధ. అలాంటిది, నాకంటే చిన్నది, నా తర్వాత చేరింది, ముందు తనే కొనేసింది!

అదీ మామూలుది కాదు. ఏడు వందల యాభై వాట్ల మోటారు. పెడల్ ముట్టకుండా చెయ్యి తిప్పితే చాలు, నలభై మీద ఉరుకుతుంది. దుబాయిలో ఉన్న పెనిమిటి ఆన్‌లైన్‌లో తెప్పించాడట.

"అక్కా, జర ఎక్కి సూడు."

"నాకెందుకు తియ్యి, ఉన్నోల్ల ముచ్చట్లు" అన్నాను.

ఆ ఆదివారమే కరీంనగర్ పోయి, దుకాణాయనను అంతకంటే పెద్ద మోటారుది చూపించమన్నాను.

"లైసెన్సున్నదా అమ్మా?"

"లేదు."

"మరైతె దాని జోలికి పోకు. మోటరు రెండు వందల యాభై వాట్లు దాటొద్దు, స్పీడు ఇరవై అయిదు దాటొద్దు. గట్లయితెనే లైసెన్సు, నంబరు ప్లేటు అక్కర్లే. అండ్ల ఒక్కటి దాటినా అది మోటరు బండి లెక్కనే. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు అన్ని కావాలె."

"స్పీడు లాక్ చేస్తె?"

"లాక్ చేస్తె మోటరు చిన్నగైతదా?"

బ్యాటరీ అయినా పెద్దది ఇమ్మంటే, దానికీ ఒప్పుకోలేదు. "ముప్పై ఆరు వోల్టులు, పది ఆంపియర్ అవర్లు. తొక్కుకుంట పోతె ముప్పై కిలోమీటర్లు ఫికరు లేదు. నీకు పోను రాను పదే. ఉత్తగ బరువు మోస్తవా?" అన్నాడు. దొంగతనం సంగతీ చెప్పాడు. నంబరు ప్లేటు లేని బండి పోతే దొరకడం కష్టం గనుక బిల్లు, ఫ్రేము నంబరు భద్రం చేసుకోవాలి. ఫ్రేమునూ వెనక చక్రాన్నీ కలిపి స్తంభానికి గొలుసు వేయాలి. అన్నిటికంటే ఖరీదైంది బ్యాటరీ కాబట్టి దాన్ని ఊడదీసి వెంట తీసుకుపోవాలి.

రెండు వందల యాభైదే కొనుక్కొచ్చాను. ఆ రూలు మాత్రం ఆమెకు చెప్పలేదు. మరిచిపోయి కాదు, చెప్పబుద్ధి కాలేదు.

రోజూ రైలు గేటు దగ్గర ఎత్తు మీద నేను ఆయాసపడుతూ తొక్కుతుంటే పక్కనుంచి రయ్యిమని పోయేది. "నేను పోతున్న అక్కా, నువ్వు మెల్లగ రా!" ఆ 'మెల్లగ' అన్న మాటకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు ఆ రైలు గేటు ముందే పోలీసులు బండ్లు ఆపుతున్నారు. కానిస్టేబుల్ నా సైకిలు కాగితాలు చూసి "సరే, పో" అన్నాడు. అప్పుడే వెనక ఆమె వస్తోంది. అతను ఆమె వైపు చూడనే లేదు. చూడకపోతే నాకేం పోయింది? పాడు నోరు ఊరుకుంటేగా!

"సార్, అగో, గామె మోటరు సూడున్రి" అన్నాను. అని, వెనక్కి తిరగకుండా తొక్కుకుంటూ వెళ్ళిపోయాను.

లైసెన్సు లేదు, రిజిస్ట్రేషను లేదు. బండి స్టేషనుకు పోయింది. ఆమె ఆరోజు మస్టరుకు అందలేదు. ఆ తర్వాత ఆటోలను నమ్ముకుని ఇంకో మూడు పోగొట్టుకుంది. మొదటి రోజు సంతోషపడ్డాను, అబద్ధమెందుకు! నాలుగో రోజు సాయంత్రం నా ఇంటికే వచ్చింది.

"అక్కా, నన్ను ఎనక ఎక్కించుకుంటవా? ఎవలో కండ్లల్ల నిప్పులు పోస్కున్నరు. వాల్ల కండ్లు మండ!"

ఎక్కించుకున్నాను. ఇద్దరి బరువుకు ఆ ఎత్తు మీద చిన్న మోటారు మూలిగేది. ఆమె దిగి వెనక నుంచి నెట్టేది. బాయి మీద అందరికీ "మా అక్క లేకుంటె ఆగమైతుంటి" అని చెప్పుకునేది. నేను తల వంచుకుని సైకిలుకు గొలుసు వేసేదాన్ని.

పర్మినెంటు లిస్టు వచ్చింది. నా పేరుంది. ఆమెకు మూడు మస్టర్లు తక్కువపడ్డాయి.

లిస్టు చూసి ఆమె నా మెడ చుట్టూ చేతులు వేసింది. "మంచిగైంది అక్కా, నాది మల్ల వస్తది తియ్యి" అని ఏడుస్తూ నవ్వింది. ఆమె మొహంలో రవ్వంత కుళ్ళు ఉంటుందేమోనని వెతికాను. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. ఒక్క పిసరు కూడా లేదు. దేవుడా, దానికి కూడా నాకు కుళ్ళే పుట్టింది.