మ్యాప్‌లో పైకి

మా మరిది తెలుగు గడగడా మాట్లాడతాడు, రాయడం మాత్రం రాదు. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి హిందీ బడిలో చదివినవాళ్ళలో చాలామంది అంతే. ఇంట్లో అమ్మతో తెలుగు, వీధిలో హిందీ, రాయాల్సి వస్తే ఇంగ్లీషు అక్షరాలు. నేను టెక్కలి వైపు నుంచి కోడలిగా వచ్చినదాన్ని. డెలానీపూర్‌లోని మా సిమెంటు కొట్టులో తెలుగులో ఒక్క ముక్క రాయాలన్నా నన్నే పిలుస్తారు. ఆ రోజు పిలుద్దామంటే నేను కొట్టులో లేను, గ్యాస్ ఏజెన్సీ దగ్గర వరసలో నిలబడి ఉన్నాను.

ఆ రోజు ఫెరార్‌గంజ్ అవతల ఒక ఇంటికి స్లాబు వేస్తున్నారు. ఇల్లు కట్టుకుంటున్నావిడ బజారులో చేపలమ్ముతుంది, ఆమె భర్త పడవ మీద వేటకు వెళతాడు. వాళ్ళ పెద్దలు మా శ్రీకాకుళం తీరం నుంచే వచ్చారు, అందుకని నేను ఆమెను పిన్నీ అంటాను. రేకుల కింద కాపురం చేసీ చేసీ విసిగిపోయి, ఇన్నాళ్ళకు పైకప్పు దాకా వచ్చింది. స్లాబు పని పొద్దున్నే మొదలైంది. సగానికి పైగా పోశాక, సిమెంటు చాలదని మేస్త్రీ లెక్క తేల్చుకున్నాడు. ముందే చూసుకోవాల్సింది కాదా అంటే ఏం చెబుతాం! పిన్ని కొట్టుకు ఫోన్ చేసింది. బస్తాలు వెంటనే పంపకపోతే పోత ఆగిపోతుందని, ఆగితే పోసిన అంచు గట్టిపడిపోయి కొత్తది దానితో కలవదని, ఆ అతుకు దగ్గర వానాకాలం నీళ్ళు దిగుతాయని మేస్త్రీ అన్నాడట. ఇక్కడ వానాకాలమంటే ఏడాదిలో సగం.

బస్తాలున్నాయి, చిన్న లారీ ఉంది, డ్రైవరూ ఉన్నాడు. చిక్కల్లా ఆ డ్రైవరు వారం క్రితమే ఓడ దిగినవాడు కావడం. మా వైపు మనిషే, నడిపే చెయ్యి మంచిది. కానీ చాథమ్ ఎటో, గరచర్మా ఎటో ఇంకా తెలియదు. హిందీ రాదు. తెలుగు బాగా చదువుతాడు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాడు. చేతిలో ఉన్నది బటన్ల ఫోన్.

పిన్ని కొడుకు తన ఫోన్‌లో మ్యాప్ పెట్టి, దారి చూపించే నీలి గీతను ఫొటో తీసి మా మరిదికి పంపాడు. మొదట పంపిన ఫొటోలో గీత చాథమ్ దగ్గర సముద్రం మీదుగా బాంబూఫ్లాట్‌కు పోయింది. దగ్గర దారి అదే, కానీ అక్కడ వంతెన లేదు, బండ్లను ఎక్కించుకునే ఫెర్రీ ఉంది. లారీ అక్కడ వరసలో ఇరుక్కుంటే ఎప్పుడు ఎక్కిస్తారో చెప్పలేం. మా మరిది అది కనిపెట్టి, రోడ్డు దారి పెట్టి మళ్ళీ పంపమన్నాడు. ఆ తెలివికి మెచ్చుకోవాల్సిందే. రెండోసారి వచ్చిన ఫొటోలో గీత గరచర్మా, సిప్పీఘాట్ మీదుగా ట్రంక్ రోడ్డు పట్టుకుని ఫెరార్‌గంజ్ దాటి, ఆ తర్వాత పక్కరోడ్డులోకి వెళ్ళింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ గీతను మాటల్లోకి మార్చడం దగ్గరే వచ్చింది తంటా. మా మరిది ఒక కాగితం తీసుకుని ఇంగ్లీషు అక్షరాల్లో గబగబా తెలుగు రాసేశాడు. ఫెరార్‌గంజ్ దాకా సీధా. దాటాక కుడి పక్క రోడ్డు. కొంత దూరం పోయాక రోడ్డు రెండుగా చీలుతుంది, అక్కడ పైకి పో. అంతే. డ్రైవరుకు ఇచ్చి పంపేసి, చేతులు దులుపుకుని టీ తాగుతూ కూర్చున్నాడు. నేను తిరిగొచ్చేసరికి ఈ కథంతా నాకు గొప్పగా చెప్పాడు. కాగితం లారీతో పాటే వెళ్ళిపోయింది కాబట్టి నేను చూడలేదు. చూడమని అడిగినవాళ్ళూ లేరు.

చాలాసేపటికి పిన్ని ఫోన్ వచ్చింది, లారీ ఇంకా రాలేదని. మా మరిది ట్రాఫిక్ అన్నాడు. ఫెరార్‌గంజ్ రోడ్డులో ట్రాఫిక్ ఏమిటి, నా మొహం! అప్పుడే డ్రైవరు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాం.

"పైకే వచ్చినానండి. పైన ఇల్లు ఏటీ నేదు. పోకతోట ఉంది. రోడ్డయిపోనాది."

మా మరిది ఫోన్‌లోనే అరిచాడు. మ్యాప్‌లో చూసి రాశానని, పైకి అని స్పష్టంగా ఉందని, గుడ్డివాడికైనా అర్థమవుతుందని. నేను మ్యాప్ ఫొటో ఉన్న ఫోన్ అతని చేతిలోంచి లాక్కున్నాను. చీలిక దగ్గర నీలి గీత తిన్నగా తెర పైభాగం వైపు పోయింది. దాని పక్కనుంచి మరో సన్నటి బూడిదరంగు రోడ్డు కుడి వైపు తిరిగింది. గీత పోయిన చోట ఒక చిన్న నీలి మరక, అంటే క్రీకు, సముద్రపు పాయ. క్రీకు పక్కకు పోయే రోడ్డు ఎక్కడైనా పల్లంలోకి దిగుతుందా, కొండెక్కుతుందా? నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు తెర మీద పైన చూశావు, డ్రైవరు కొండ మీద పైన చూశాడు. రోడ్డు మీద నిలబడ్డవాడికి పైకి అంటే ఎక్కడమే" అన్నాను.

"మ్యాప్‌లో ఊపర్ ఉంది వదినా, నేను పైకి అన్నాను. గలత్ ఏముంది ఇందులో?" అన్నాడు మా మరిది. నిజంగానే అతనికి అర్థం కాలేదు. అది ఇంకా కోపం తెప్పించింది. కానీ ఆ పూట కోపానికి టైము లేదు.

డ్రైవరును లైన్లో ఉండమంటే పైసలైపోతాయేమోనని భయపడ్డాడు. మేమే చేస్తామని చెప్పి ఫోన్ పెట్టేయించాను. మొదట పిన్నికి చేసి, మీ రోడ్డు చీలే చోట ఏముంటుంది అని అడిగాను. మ్యాప్‌లో అక్కడ ఏదో దుకాణం పేరుంది, ఆ దుకాణం మూసేసి చాలా కాలమైందట. ఇప్పుడున్నది నీలం రేకుల టీ బడ్డీ, దాని పక్కన బస్ షెల్టర్. చీలిక దాటాక పల్లంలో చిన్న కల్వర్టు, కల్వర్టు దాటితే ఎడమ పక్క వలలు ఆరేసిన ఇల్లు, దాని వెనకే వాళ్ళది. మ్యాప్‌లో ఇవేవీ లేవు. ఉన్నా అక్కడి బోర్డులన్నీ హిందీ, ఇంగ్లీషు, మా డ్రైవరు తొందరలో చదవలేడు. రంగు చెబితేనే అతనికి దారి.

కాగితం మీద రాసుకున్నాను. రాసుకుంటూ ఇంకో సంగతి గమనించి, ఫోన్‌ను చేతిలో తిప్పి చూశాను. నేను చీలికకు కింది నుంచి వచ్చేవాడికి రాస్తున్నాను. డ్రైవరేమో ఇప్పుడు కొండ మీద నుంచి దిగి రావాలి. ట్రంక్ రోడ్డు నుంచి వచ్చేవాడికి తిన్నగా ముందుకు కనపడే రోడ్డు, కొండ దిగి వచ్చేవాడికి కుడి చేతికి వస్తుంది. తిన్నగా పొమ్మని పాత లెక్కన చెప్పానంటే ఎక్కడికి పోతాడో దేవుడికెరుక. ఎడమకు తిప్పాడా, మళ్ళీ ట్రంక్ రోడ్డు ఎక్కేస్తాడు.

డ్రైవరుకు ఫోన్ చేసి, కాగితం వెనక వైపు తెలుగులో రాసుకోమన్నాను. ఒక మలుపుకు ఒక వరస. లారీ తిప్పుకుని కొండ దిగు. నీలం రేకుల టీ బడ్డీ కనపడగానే బండి ఆపు. కొండకు వీపు పెట్టి చూసుకుని కుడికి తిరుగు. రోడ్డు పల్లంలోకి దిగాలి, దిగకపోతే తప్పు. కల్వర్టు దాటు. ఎడమ పక్క వలలు. ట్రంక్ రోడ్డు వచ్చేసి జిర్కాటాంగ్ చెక్‌పోస్టు కనపడిందంటే చాలా దూరం పోయావన్నమాట, ఎవరినీ అడక్కుండా వెనక్కి వచ్చెయ్. రాసినదంతా తిరిగి చదవమన్నాను. అక్షరం పోకుండా చదివాడు. కుడికి అన్నచోట ఒకసారి ఆగి, దిగేటప్పుడు కుడివైపా, ఎక్కేటప్పుడు కుడివైపా అని అడిగాడు. దిగేటప్పుడే అన్నాను. ఆ ప్రశ్న పొద్దున్నే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

కానీ పోకతోట దగ్గర రోడ్డు సన్నం. నిండు లారీ తిరగడానికి చోటు లేదు. అతను ఆ కొండ రోడ్డు మీద వెనక్కి నడుపుకుంటూ రావలసి వచ్చింది. అతని ఫోన్‌కు సిగ్నల్ కూడా కొండ మీదే ఉంది, దిగాక లేదు. మేము కొట్టులో కూర్చుని ఎదురుచూడడం తప్ప ఇంకేం చేయగలం? మా మరిది రెండు మూడుసార్లు తనలో తాను పైకి, పైకి అనుకున్నాడు. ఆ మాటలో తప్పెక్కడుందో అప్పటికి కాస్త అర్థమైనట్టుంది.

లారీ చేరింది. కల్వర్టు, వలలు, ఇల్లు, ఒక్క మలుపు కూడా తప్పకుండా చేరింది. కానీ అప్పటికే మేస్త్రీ పోత ఆపేశాడు. ఉన్న మాలు అయిపోయేదాకా సాగదీసి, ఇక లాభం లేదని ముందు గది నడిమధ్య చెక్క అడ్డం పెట్టి ఆపాడట. మిగతా సగం తర్వాత పోశారు. పాత అంచును గీకి, సిమెంటు పాలు పోసి, చేయగలిగింది చేశారు. పిన్ని ఫోన్ చేసి, బండి వచ్చింది తల్లీ అని మాత్రం చెప్పింది. ఆమె తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

వానలు పడుతుండగా గృహప్రవేశం భోజనాలకు పిలిచింది. ఆ ఇంటికి నేను వెళ్ళడం అదే మొదటిసారి. గోడలకు లేత ఆకుపచ్చ రంగు, వాకిట్లో మామిడాకులు, లోపల కొత్త సున్నం వాసన. ముందు గదిలో కుర్చీలు వేశారు. పిన్ని భర్త ఆ పూట వేట మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికీ ఎదురొచ్చాడు. ఆయన ముఖంలో సంతోషం చూస్తే నాకూ సంతోషం వేసింది. నేను గది మధ్యలో ఉన్న కుర్చీలో కూర్చోబోయాను. పిన్ని వంటింట్లోంచి చూసి, చేతిలో గరిటెతోనే వచ్చి కుర్చీ పక్కకు లాగింది.

"ఇటు జరుగు తల్లీ, అక్కడ కారతాది."

మంచినీళ్ళు కావాలా అని అడిగినంత మామూలుగా అంది. తలెత్తి చూశాను. స్లాబు మధ్య ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తడి గీత ఉంది, దాని చివర ఒక చుక్క పెద్దదవుతోంది. ఇన్నేళ్ళు రేకుల కింద గిన్నెలు పెట్టుకుని గడిపిన మనిషి, ఈ ఇల్లు కట్టుకున్నది ఈ చుక్క తప్పించుకోవడానికే. జరిగి గోడ పక్కన కూర్చున్నాను.

మా మరిది కాస్త ఆలస్యంగా వచ్చాడు. తలుపు దగ్గర చెప్పులు విడిచి, అందరికీ నవ్వుతూ నమస్కారాలు పెట్టి, ఖాళీగా ఉందని గది మధ్యకు వెళ్ళి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పిన్ని అతని వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. జరగమని ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు.